డేటా లీక్ అయిందని కస్టమర్లకు రాసే ఉత్తరం: తిరగరాసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

డేటా లీక్ ఉత్తరాలను మామూలు భాషలోకి తిరగరాయడం నా పనిలో ఒక భాగం. ఏ కంపెనీతో కూర్చున్నా అవే సందేహాలు వస్తుంటాయి కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబుల్లో దాదాపు అన్నిటికీ ఒకే ఊహాజనిత కేసు తీసుకున్నాను. ఒక టికెట్ల బుకింగ్ కంపెనీ ఉంది. కస్టమర్ల ఫిర్యాదులు చూసే పనిని అది బయటి సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ ఉద్యోగి ఒకరి పాస్‌వర్డ్ ఎవరో దొంగిలించి, ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి ఫైళ్లు దించుకున్నారు. కంపెనీ మొదట తయారుచేసిన ఉత్తరం ఇది:

> ప్రియమైన వినియోగదారులారా, మీ సమాచార భద్రతకు మేము అత్యధిక ప్రాధాన్యం ఇస్తాము. ఇటీవల మా సేవా భాగస్వామికి చెందిన ఒక వ్యవస్థలో అనధికార ప్రాప్యతకు సంబంధించిన భద్రతా సంఘటన గుర్తించబడింది. కొంతమంది వినియోగదారుల నిర్దిష్ట సమాచారం ప్రభావితమై ఉండవచ్చు. సమాచారం దుర్వినియోగమైనట్లు ఇప్పటివరకు ఎటువంటి ఆధారాలు లేవు. తగిన చర్యలు తీసుకోబడ్డాయి. అప్రమత్తంగా ఉండవలసిందిగా కోరుతున్నాము. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చదివిన మనిషికి తన వివరాలు పోయాయో లేదో తెలియదు, ఏవి పోయాయో తెలియదు, ఇప్పుడు ఏం చేయాలో అంతకన్నా తెలియదు.

## రాయడానికి కూర్చునే ముందు

లీగల్ వాళ్లు ఇచ్చిన డ్రాఫ్ట్ ఉంది. దాన్నే సరిచేస్తే సరిపోదా?

సరిపోదు. అలాంటి డ్రాఫ్ట్‌లో వాక్యాలు ఉంటాయి గానీ వాటి వెనకున్న సంగతులు ఉండవు. "నిర్దిష్ట సమాచారం" అన్న మాటను ఎంత చెక్కినా అందులోంచి ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డు ఫొటోలు బయటికి రావు. ముందు దర్యాప్తు చేస్తున్న సాంకేతిక బృందంతో ఒక గంట కూర్చోండి. ఒక కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసి, మొదటి దాంట్లో ఖాయంగా తెలిసినవి, రెండో దాంట్లో ఇంకా చూస్తున్నవి, మూడో దాంట్లో ఇక ఎప్పటికీ తెలుసుకోలేనివి రాయించండి. టికెట్ల కంపెనీ కేసులో మొదటి గడిలోకి వచ్చినవి ఇవి: బయటి మనిషి మే 6న లోపలికి వచ్చాడు, మే 21న అతన్ని ఆపారు, 41,200 మంది రాసిన ఫిర్యాదుల ఫైళ్లు దించుకున్నాడు. ఆ ఫైళ్లు తర్వాత ఎవరి చేతికి వెళ్లాయన్నది మూడో గడిలో పడింది. ఉత్తరం ఈ కాగితం నుంచే పుట్టాలి.

దర్యాప్తు ఇంకా నడుస్తోంది. అన్నీ తేలేదాకా ఆగితే మంచిది కదా?

కస్టమర్ చేయాల్సిన పని ఏదో తేలిపోతే ఇక ఆగకూడదు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నవి తేలడానికి నెలలు పట్టవచ్చు. కానీ ఫోన్ నంబర్లు, ఫిర్యాదుల వివరాలు పోయాయని తెలిసిన రోజు నుంచే వాటితో మోసపు కాల్స్ మొదలు కావచ్చు. యూరప్‌లోని జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం రెండు గడువులను విడిగా చూస్తుంది. నియంత్రణ సంస్థకు చెప్పడానికి, సాధ్యమైనంతవరకు, విషయం తెలిసినప్పటి నుంచి 72 గంటలు. ప్రజలకు ముప్పు ఎక్కువగా ఉంటే వాళ్లకు అనవసర జాప్యం లేకుండా చెప్పాలి. భారతదేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద 2025లో వెలువడిన నియమాలు కూడా క్లుప్తంగా, స్పష్టంగా, ఆలస్యం లేకుండా తెలియజేయమంటాయి.

తేలనివాటిని "ఇది ఇంకా చూస్తున్నాం, ఫలానా తేదీలోగా మళ్లీ రాస్తాం" అని రాయండి. తేదీ లేకుండా "త్వరలో తెలియజేస్తాము" అంటే ఎవరూ నమ్మరు.

చట్టం అడిగినవన్నీ పెడితే ఉత్తరం మామూలు భాషలో ఉండదు కదా?

చాలామంది అనుకునేదానికి ఇది సరిగ్గా తిరగబడి ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియా చట్టం ఇలాంటి నోటీసును ఐదు శీర్షికల కింద రాయమంటుంది: ఏం జరిగింది, ఏ సమాచారం ఇందులో ఉంది, మేం ఏం చేస్తున్నాం, మీరు ఏం చేయవచ్చు, మరిన్ని వివరాలకు. అక్షరాలు 10 పాయింట్లకన్నా చిన్నవిగా ఉండకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. జీడీపీఆర్‌లో అయితే ప్రజలకు రాసేది స్పష్టమైన, సరళమైన భాషలో ఉండాలని 34వ అధికరణమే చెబుతుంది. ఉత్తరాన్ని బరువెక్కించేది చట్టం కాదు, సంస్థ భయం. మీకు వర్తించే చట్టం అడిగే అంశాలను ఒక జాబితాగా పక్కన పెట్టుకుని, ఉత్తరం పూర్తయ్యాక ఒక్కొక్కటీ అందులో ఉందో లేదో సరిచూసుకోండి.

## "ఏం జరిగింది" రాసేటప్పుడు

మొదటి వాక్యంలో ఏం ఉండాలి?

చదివే మనిషి వివరాలు బయటి వ్యక్తి చేతికి వెళ్లాయన్న సంగతి ఉండాలి. భద్రతకు మీరిచ్చే ప్రాధాన్యం గురించి అక్కడ ఒక్క ముక్క కూడా వద్దు. ఫోన్ తెరమీద మెయిల్ తెరవకముందే కనిపించేది ఆ తొలి వాక్యమే. "మీ సమాచార భద్రతకు మేము అత్యధిక ప్రాధాన్యం ఇస్తాము" అని మొదలైతే అది ప్రకటనలా కనిపిస్తుంది, చాలామంది తెరవకుండానే వదిలేస్తారు. టికెట్ల కంపెనీ ఉత్తరం తిరగరాశాక ఇలా మొదలైంది: "మీరు మాకు పంపిన ఫిర్యాదును, దాంట్లోని మీ పేరు, ఫోన్ నంబరు, మెయిల్ అడ్రసులను ఒక బయటి వ్యక్తి దొంగిలించాడు."

మెయిల్ సబ్జెక్ట్ కూడా అంతే సూటిగా ఉండాలి. "మీ ఖాతాకు సంబంధించిన ముఖ్య ప్రకటన" అన్నది బిల్లు కావచ్చు, ఆఫర్ కావచ్చు. "మీ వివరాలు దొంగతనానికి గురయ్యాయి: మీరు చేయాల్సినవి" అంటే ఇంకోలా అర్థమయ్యే అవకాశమే లేదు.

"అనధికార ప్రాప్యత", "డేటా ఉల్లంఘన" లాంటి మాటలు వాడకపోతే అధికారికంగా ఉండదేమో?

ఆ మాటలు మనం మాట్లాడే తెలుగులో లేవు. "ఉల్లంఘన" అనగానే మనకు నిబంధన మీరడం గుర్తొస్తుంది. కొందరు కస్టమర్లు తామే ఏదో నిబంధన మీరామేమోనని ఫోన్ చేసిన సందర్భం నేను చూశాను. "డేటా లీక్" అనండి, పేపర్లలో అలాగే వస్తుంది, అందరికీ తెలుసు. దొంగతనమైతే దొంగతనం అనండి. పొరపాటున అందరికీ కనబడేలా పెట్టి ఉంటే ఆ సంగతే చెప్పండి.

మాటలకన్నా ఎక్కువ హాని చేసేది "బడు" క్రియ. "గుర్తించబడింది", "చర్యలు తీసుకోబడ్డాయి", "సమాచారం పొందబడింది" అని రాస్తే ఎవరు గుర్తించారు, ఎవరు తీసుకున్నారు అన్నది మాయమైపోతుంది. పైగా మనం ఇంట్లో, వీధిలో ఎవరితోనూ ఇలా మాట్లాడం. డ్రాఫ్ట్ అంతా వెతికి ప్రతి "బడు"నూ పట్టుకోండి, దానికి కర్తను తెచ్చి పెట్టండి: "మేం మే 21న గమనించాం", "ఆ లాగిన్‌ను అదే రోజు మూసేశాం". కర్త ఎవరో రాయలేకపోతే ఆ సంగతి మీకు నిజంగా తెలియదన్నమాట, దర్యాప్తు బృందాన్ని మళ్లీ అడగాలి. ఎక్కడెక్కడ తెలియదో ఇంత తేలిగ్గా చూపించే పద్ధతి నాకు ఇంకొకటి కనబడలేదు.

తేదీలు ఎన్ని చెప్పాలి? అన్నీ చెబితే మేం ఆలస్యం చేసినట్టు కనబడుతుంది.

నాలుగు చెప్పాలి. చొరబాటు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, మీకు ఎప్పుడు తెలిసింది, ఎవరి వివరాలు పోయాయో ఎప్పుడు తేలింది. కస్టమర్‌కు వీటితో నిజమైన పని ఉంది. మే 12న ఫిర్యాదు పంపిన మనిషి తనది ఆ ఫైళ్లలో ఉండి ఉంటుందని తనే అర్థం చేసుకుంటాడు. మే 25న ఒక అనుమానపు కాల్ వచ్చి ఉంటే దాన్ని దీనితో కలిపి చూసుకోగలడు. "ఇటీవల" అన్న మాట ఈ రెండు అవకాశాలనూ అతని దగ్గర్నుంచి లాగేస్తుంది.

ఆలస్యం జరిగి ఉంటే దాని కారణం ఒక్క వాక్యంలో చెప్పండి: "మే 21న చొరబాటు గమనించాం. ఎవరెవరి ఫిర్యాదులు దించుకున్నారో ఒక్కొక్కటిగా చూడటానికి మే 27 వరకు పట్టింది." నాలుగు తేదీలూ కనబడితే ఆరు రోజులకు లెక్క దొరుకుతుంది. తేదీలు దాచి, తర్వాత వేరే చోట బయటపడితే ఆ ఆరు రోజులే కుట్రలా కనబడతాయి.

తప్పు మాది కాదు, మేం పని అప్పగించిన సంస్థది. ఆ మాట రాయొచ్చా?

జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి అవసరమైనంతవరకు రాయండి. ఫిర్యాదులు చూసే సంస్థ ఉద్యోగి పాస్‌వర్డ్ దొంగిలించారన్నది నిజం, కస్టమర్‌కు తెలియాల్సిన నిజం. కానీ కస్టమర్ తన వివరాలు ఇచ్చింది మీకు. ఆ సంస్థ పేరైనా అతనికి తెలిసి ఉండదు. కాబట్టి వెంటనే తర్వాతి వాక్యంలో మీ వంతు రాయండి: "ఆ సంస్థను ఎంచుకున్నది మేమే. వాళ్ల లాగిన్‌లకు పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ తప్పనిసరి చేయకపోవడం మా లోపం."

## "ఏం బయటపడింది" రాసేటప్పుడు

"ప్రభావితమై ఉండవచ్చు" అనడమే సురక్షితం కదా?

"ఉండవచ్చు" అన్న మాటలో రెండు వేర్వేరు సందేహాలు కలిసిపోతాయి. ఫైల్ దించుకున్నారో లేదో తెలియకపోవడం ఒకటి. దించుకున్నారని తెలుసుగానీ తెరిచి చదివారో లేదో తెలియకపోవడం ఇంకొకటి. రెండో సందర్భంలో "ఉండవచ్చు" వాడటం సరికాదు. ఫైల్ దొంగ దగ్గర ఉంది, చదివాడా లేదా అన్నది అతని ఇష్టం. "మీ ఫిర్యాదు ఉన్న ఫైల్‌ను దించుకున్నాడు" అని తేల్చి రాయాలి.

మొదటి సందర్భంలో నిజంగానే తెలియదు కాబట్టి ఎందుకు తెలియదో చెప్పండి: "ఆ ఫైళ్లను చూసే వీలు అతనికి ఉంది. చూశాడో లేదో చెప్పే రికార్డు మా దగ్గర లేదు. అందుకే చూశాడనే అనుకుని ఈ జాగ్రత్తలు తీసుకోండి."

అందరికీ ఒకే ఉత్తరం పంపొచ్చా?

అందరివీ ఒకే వివరాలు పోయి ఉంటే పంపొచ్చు. అలా జరగడం అరుదు. టికెట్ల కంపెనీలో 41,200 మంది పేరు, ఫోన్, మెయిల్, ఫిర్యాదు పాఠం పోయాయి. వాళ్లలో 6,300 మంది ఫిర్యాదుల్లో కార్డు చివరి నాలుగు అంకెలు కూడా ఉన్నాయి. 870 మంది రీఫండ్ కోసం గుర్తింపు కార్డు ఫొటో పంపి ఉన్నారు, వాళ్లలో ఎవరి ఫిర్యాదులోనూ కార్డు అంకెలు లేవు. అందరికీ ఒకే ఉత్తరం రాస్తే "పేరు, ఫోన్, కొందరి విషయంలో కార్డు అంకెలు, గుర్తింపు పత్రాలు" అని రాయాల్సి వస్తుంది. అప్పుడు నలభై వేలమంది లేని ముప్పుకు భయపడతారు. అసలు ముప్పున్న ఎనిమిది వందలమంది "కొందరు" అంటే తాము కాదులే అనుకుంటారు.

కాబట్టి మూడు ఉత్తరాలు రాయండి. "ఏం జరిగింది" భాగం మూడింట్లోనూ ఒకటే. మారేది పోయిన వివరాల జాబితా, దాని కింద చేయాల్సిన పనులు. పంపే ముందు జాబితాలు తారుమారు కాలేదని ప్రతి గుంపులోంచి ఓ ఇరవై పేర్లు తీసుకుని అసలు ఫైళ్లతో పోల్చి చూడండి. ఇక్కడ పొరపాటు జరిగితే దిద్దుకోవడం చాలా కష్టం.

పాస్‌వర్డ్‌లు కూడా పోయిన కేసు అనుకోండి. అవి హ్యాష్ చేసి ఉన్నాయి. "ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, ప్రమాదం లేదు" అనొచ్చా?

అనకూడదు, రెండు కారణాలున్నాయి. ఎన్‌క్రిప్ట్ చేసినదాన్ని తాళంతో తిరిగి తెరవవచ్చు, పాస్‌వర్డ్‌ను చదవలేని అక్షరాల గుంపుగా మార్చే హ్యాష్‌కు అలాంటి తాళం ఉండదు, కాబట్టి మాటే తప్పు. రెండోది, తాళం లేదంటే ప్రమాదం లేదని కాదు. దొంగ ఎక్కువమంది వాడే పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా హ్యాష్ చేసి, మీ జాబితాతో పోల్చి చూస్తాడు. ఎండీ5 లాంటి పాత పద్ధతిలో దాచి ఉంటే ఈ పోలిక అతివేగంగా సాగుతుంది. బీక్రిప్ట్ లాంటి పద్ధతి ప్రతి ప్రయత్నాన్నీ కావాలనే నెమ్మది చేస్తుంది. అయినా "123456" అని పెట్టుకున్నవాళ్లను అది కాపాడలేదు.

కస్టమర్‌కు పద్ధతి పేరు అక్కర్లేదు. "మీ పాస్‌వర్డ్‌ను నేరుగా చదవలేని రూపంలో దాచాం. కానీ అది చిన్నదో, తేలికైనదో అయితే ఊహించి కనిపెట్టవచ్చు. అదే పాస్‌వర్డ్‌ను ఇంకెక్కడైనా వాడుతుంటే, ముందు అక్కడ మార్చండి" అంటే చాలు. మీ దగ్గరి పాస్‌వర్డ్‌ను మీరే రద్దు చేయగలరు. ఇతర సైట్లలో అది కస్టమర్ ఒక్కడే చేయగలడు, అందుకే ఆ వాక్యం ముందుండాలి.

"దుర్వినియోగమైనట్లు ఆధారాలు లేవు" అన్నది నిజమే. తీసేయాలా?

నేనైతే తీసేయిస్తాను. ఆధారం ఎక్కడ దొరుకుతుంది? మోసపు కాల్ కస్టమర్ ఫోన్‌కు వస్తుంది, మీ సర్వర్‌కు కాదు. మీకు కనబడే చోట జరగని పనికి మీ దగ్గర ఆధారం లేకపోవడంలో విశేషం ఏమీ లేదు. కానీ చదివేవాడికి మాత్రం "దుర్వినియోగం జరగలేదు" అని వినబడుతుంది, చేయాల్సిన పనిని అక్కడే వదిలేస్తాడు. నిజంగా ఎక్కడైనా వెతికి ఉంటే, ఎక్కడ వెతికారో, ఎప్పటివరకు చూశారో రాయండి: "ఈ ఫైళ్లను అమ్మకానికి పెట్టారేమోనని మే 28 వరకు చూశాం, మాకు కనబడలేదు. ఇకముందు పెట్టరని దీని అర్థం కాదు."

బయటపడనివాటి గురించి కూడా రాయాలా?

రాయాలి, కానీ పోయినవాటి తర్వాతే. కస్టమర్ మనసులో మొదట వచ్చే భయాలు పాస్‌వర్డ్, పూర్తి కార్డు నంబరు. టికెట్ల కంపెనీ కేసులో అవి వేరే వ్యవస్థలో ఉన్నాయి, అక్కడికి దొంగ వెళ్లలేదని రికార్డులు చూపిస్తున్నాయి. ఒక్క వాక్యం చాలు. ఖాయం చేసుకోనివి మాత్రం ఈ జాబితాలోకి రాకూడదు.

## "మీరు ఏం చేయాలి" రాసేటప్పుడు

"అప్రమత్తంగా ఉండండి" అంటే చాలదా?

అది పని కాదు. దేనికి, ఎన్నాళ్లు, ఎలా అన్నది అందులో లేదు. పోయిన ప్రతి వివరానికీ ఎదురుగా దొంగ దాంతో ఏం చేయగలడో రాసుకోండి, ఆ పక్కన దాన్ని ఆపే పని రాయండి. ఫిర్యాదు పాఠం, ఫోన్ నంబరు కలిసి పోయాయంటే జరగబోయేది దాదాపు చెప్పేయవచ్చు. ఒకడు ఫోన్ చేసి, "ఏప్రిల్ 30న మీరు రద్దు చేసిన టికెట్ రీఫండ్ గురించి రాశారు కదండీ" అంటాడు. అంత కచ్చితంగా చెబుతుంటే ఎవరైనా కంపెనీ మనిషే అనుకుంటారు. ఆ తర్వాత ఓటీపీ అడుగుతాడు.

అందుకే ఉత్తరంలో ఆ కాల్ ఎలా ఉంటుందో రాయాలి: "మీ టికెట్ వివరాలు చెప్పి, రీఫండ్ ఇస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. మీ వివరాలు తెలిసినంత మాత్రాన వాళ్లు మా మనుషులు కారు. రీఫండ్ కోసం మేం ఓటీపీ గానీ, పిన్ గానీ, కార్డు నంబరు గానీ ఎప్పుడూ అడగం." ఇది చదివిన మనిషికి ఆ కాల్ వచ్చినప్పుడు ఉత్తరం గుర్తొస్తుంది. "అప్రమత్తంగా ఉండండి" గుర్తుకు రాదు.

కార్డు చివరి నాలుగు అంకెలే పోయాయి. కార్డు మార్చుకోమనాలా?

వద్దు. ఆ నాలుగు అంకెలతో డబ్బు లాగలేరు. అక్కర్లేని పని చెబితే అసలు పని మీద నమ్మకం పోతుంది. కానీ "ప్రమాదం లేదు" అని కొట్టిపారేయడం కూడా తప్పే. ఫోన్‌లో "మీ కార్డు 4417తో ముగుస్తుంది కదా" అని నమ్మకం సంపాదించడానికి ఆ అంకెలు బాగా పనికొస్తాయి. "మీ కార్డు మార్చుకోనక్కర్లేదు. అయితే ఎవరైనా ఆ నాలుగు అంకెలు చెప్పి బ్యాంకు నుంచి అంటే నమ్మకండి. ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే చేయండి" అని రాయండి.

గుర్తింపు కార్డు ఫొటో పోయినవాళ్లకు ఏం చెప్పాలి? దాన్ని మార్చుకోలేరు కదా.

పాస్‌వర్డ్‌లా దాన్ని మార్చలేమన్న నిజాన్ని ముందు ఒప్పుకోండి. ఆ ఫొటోతో వేరే మనిషి అప్పుకు దరఖాస్తు చేయవచ్చు, సిమ్ తీసుకోవచ్చు, ఖాతా తెరవవచ్చు. ఒకరి పేరు మీదున్న అప్పులను చూపించే క్రెడిట్ రిపోర్ట్ వ్యవస్థ ఉన్నచోట ఆ రిపోర్ట్‌ను ఇప్పుడోసారి, మూడు నెలలకోసారి చూసుకోమనండి. తాము తీసుకోని అప్పు కనబడితే ఎవరికి ఫిర్యాదు చేయాలో పూర్తి చిరునామాతో ఇవ్వండి. ఫోన్ సిగ్నల్ హఠాత్తుగా పోయి చాలాసేపు రాకపోతే, వాళ్ల నంబరు మీద ఎవరో కొత్త సిమ్ తీసుకుని ఉండవచ్చు. వెంటనే ఇంకో ఫోన్ నుంచి ఆపరేటర్‌ను అడగమనండి.

ఇంకొకటి కంపెనీలు మరిచిపోతుంటాయి. ఆ ఫొటో మీ దగ్గర్నుంచి పోయిందని రుజువు చేసే కాగితం కస్టమర్ చేతిలో ఉండాలి. రేపు ఏ బ్యాంకుతోనైనా వాదించాల్సి వస్తే అతనికి అదే ఆధారం. పేరు, పోయిన పత్రం, తేదీలు ఉన్న లేఖను ఉత్తరంతో పాటే జతచేయండి, అడిగినవాళ్లకు ఇస్తాం అనకండి.

ఉత్తరంలో లింక్ పెట్టొచ్చా?

పెట్టకపోవడం మేలు. డేటా లీక్ వార్త బయటికి రాగానే అచ్చం మీ ఉత్తరంలాంటివే దొంగ ఉత్తరాలు వస్తాయి, వాటిలో లింక్ ఉంటుంది. మీ అసలు ఉత్తరంలో లింక్ లేకపోతే "మేం లింక్ పంపం, లింక్ ఉంటే అది మాది కాదు" అని ధైర్యంగా చెప్పగలరు. కస్టమర్‌ను మీ యాప్ తెరవమనండి, లేదా సైట్ అడ్రస్‌ను తనే టైప్ చేయమనండి. అక్కడ మొదటి పేజీలోనే ఈ ఉత్తరం కనబడాలి.

## పంపే ముందు

తిరగరాశాక మొత్తం ఉత్తరం ఎలా ఉంటుందో చూపిస్తారా?

గుర్తింపు కార్డు ఫొటో పోయిన 870 మందికి పంపే రూపం ఇది:

> మీరు మాకు పంపిన గుర్తింపు కార్డు ఫొటోను ఒక బయటి వ్యక్తి దొంగిలించాడు. మీరు చేయాల్సిన పనులు కింద ఉన్నాయి.
>
> ఏం జరిగింది. మా తరఫున ఫిర్యాదులు చూసే సంస్థలో ఒక ఉద్యోగి పాస్‌వర్డ్‌ను ఎవరో దొంగిలించి, మే 6 నుంచి మే 21 వరకు కస్టమర్ల ఫిర్యాదులను దించుకున్నారు. మే 21న గమనించి, ఆ లాగిన్‌ను అదే రోజు మూసేశాం. వాటిలో మీ ఫిర్యాదు ఉందని మే 27న తేలింది. ఆ లాగిన్‌కు రెండో తనిఖీ పెట్టకపోవడం మా లోపం. ఇప్పుడు అన్ని లాగిన్‌లకూ పెట్టాం.
>
> మీవి ఏవి పోయాయి. మీ పేరు, ఫోన్ నంబరు, మెయిల్ అడ్రస్, మీరు రాసిన ఫిర్యాదు, దానితో పంపిన గుర్తింపు కార్డు ఫొటో. మీ పాస్‌వర్డ్, బ్యాంకు కార్డు వివరాలు పోలేదు.
>
> మీరు ఏం చేయాలి. 1. మీ టికెట్ గురించి చెప్పి ఎవరైనా రీఫండ్ ఇస్తామంటే ఫోన్ పెట్టేయండి. మేం ఓటీపీ, పిన్ అడగం. 2. మీ పేరు మీద కొత్త అప్పులు ఏవైనా ఉన్నాయేమో ఈ వారంలో ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి చూసుకోండి. 3. జతచేసిన లేఖను దాచుకోండి. మీ గుర్తింపు కార్డును ఎవరైనా వాడితే, అది మా దగ్గర్నుంచి పోయిందని చెప్పడానికి అది ఆధారం.
>
> మీరు నమ్మి ఇచ్చిన పత్రాన్ని కాపాడలేకపోయాం. క్షమించండి. ఈ విషయం మీద జూన్ 15న మళ్లీ రాస్తాం. ఈలోగా ప్రశ్నలుంటే యాప్‌లోని సహాయం పేజీ నుంచి మాకు ఫోన్ చేయండి.

"కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నది క్షమాపణే కదా?

రైలు ఆలస్యమైతే మైకులో వినిపించే వాక్యం అది. గుర్తింపు కార్డు పోవడం అసౌకర్యం కాదు. ఏం పోగొట్టారో పేరుపెట్టి చెప్పి, "క్షమించండి" అనండి.

లాయర్ ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

వాక్యం కాకుండా, వాక్యం వెనకున్న అభ్యంతరం అడగండి. చాలాసార్లు లాయర్ భయం సరళమైన భాష గురించి కాదు, తేలనిదాన్ని తేలినట్టు చెప్పడం గురించి. ప్రతి వాక్యం పక్కన దాని ఆధారం రాసిన కాపీ ఒకటి వాళ్లకు ఇవ్వండి: ఈ తేదీ లాగిన్ రికార్డు నుంచి, ఈ సంఖ్య ఫైళ్ల లెక్క నుంచి అని. తప్పు ఒప్పుకునే వాక్యం దగ్గర మాత్రం నిజమైన చర్చ ఉంటుంది. అక్కడ దేశాన్ని బట్టి, కేసును బట్టి లాయర్ మాటకు బరువుంది, వింటాను. "మా లోపం" తీసేయాల్సి వస్తే "ఆ లాగిన్‌కు రెండో తనిఖీ లేదు" అన్న వాస్తవం మిగిలితే చాలు. పోయిన వివరాల జాబితా, చేయాల్సిన పనులు మాత్రం మెత్తబడనివ్వను.

చదివినవాళ్లకు అర్థమవుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఈ కేసు తెలియని ఐదుగురిని పిలవండి. వాళ్లలో కనీసం ఇద్దరు కంప్యూటర్ పని చేయనివాళ్లయి ఉండాలి. ఉత్తరాన్ని ఫోన్‌లోనే, ఒక్కసారే చదివించి, తీసేసుకుని అడగండి: ఏం జరిగింది, మీవి ఏవి పోయాయి, ఇప్పుడు ఏం చేస్తారు? "అర్థమైందా" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. వాళ్ల మాటల్లో చెప్పించండి. ఇద్దరు ఒకే చోట తడబడితే తప్పు ఆ వాక్యానిది. టికెట్ల కంపెనీ ఉత్తరంలో మొదట "ఫిర్యాదుల వ్యవస్థ" అని ఉందనుకోండి. అలాంటి మాట చదివి, తాను ఎప్పుడూ పోలీసు ఫిర్యాదు ఇవ్వలేదే అనుకునేవాళ్లు ఉంటారు. "మీరు మాకు పంపిన ఫిర్యాదు" అనగానే ఆ చిక్కు విడిపోతుంది.

ఎస్ఎంఎస్‌లో ఇదంతా పట్టదు కదా?

పట్టదు, పట్టించకండి. "మీ గుర్తింపు కార్డు ఫొటో మా దగ్గర్నుంచి దొంగతనానికి గురైంది. పూర్తి వివరాలు మా యాప్‌లో ఉన్నాయి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అంతే. లింక్ వద్దు.

## పంపాక

పంపిన తర్వాత సంఖ్య పెరిగిందని తెలిసింది. ఇప్పుడేం రాయాలి?

పాత ఉత్తరంలో ఏం చెప్పారో, అందులో ఏది తప్పో మొదటి వాక్యంలోనే చెప్పండి: "మే 29న రాసినప్పుడు మీ గుర్తింపు కార్డు ఫొటో పోలేదని చెప్పాం. అది తప్పు. పోయింది." తర్వాత కొత్తగా చేయాల్సిన పని ఒక్కటే రాయండి, పాతవన్నీ మళ్లీ చెబితే కొత్తది కనబడదు. "తాజా సమాచారం" అన్న శీర్షిక కింద నిశ్శబ్దంగా సంఖ్య మార్చేయడం మాత్రం చేయకండి. మొదటి ఉత్తరం చదివి ఊపిరి పీల్చుకున్న మనిషికి అది ఎప్పటికీ చేరదు.

ఫోన్లు ఎత్తేవాళ్లకు ఏం ఇవ్వాలి?

ఉత్తరాలు మూడూ ఇవ్వండి. కాల్ చేసినవాళ్లకు ఏ ఉత్తరం వెళ్లిందో తెరమీద కనబడేలా చేయండి. ఉత్తరంలో లేనిదేదీ వాళ్లు చెప్పకూడదు, ఉన్నదేదీ తగ్గించి చెప్పకూడదు. "ఏం కాదులెండి, అందరికీ పంపారు" అన్న ఒక్క మాటతో ఆ 870 మంది అప్పుల రిపోర్ట్ చూసుకోవడం మానేస్తారు. మొదటి రెండు రోజులు వచ్చిన ప్రశ్నలను అచ్చంగా వాళ్లడిగిన మాటల్లోనే రాసిపెట్టమనండి. ఏ ప్రశ్న పదిసార్లు వస్తే దాని జవాబు జూన్ 15 ఉత్తరంలోకి వెళ్లాలి.